హ్యాండోవర్ డాక్యుమెంట్: “ఫ్లేకీ, రీరన్ చేస్తే పాస్ అవుతుంది” అని రాసి వదిలేయకండి

ప్రశ్న: నా లాస్ట్ వర్కింగ్ డేకి ఇంకా 12 రోజులే ఉన్నాయి. నాలుగేళ్లుగా మా సెలీనియం, జావా ఆటోమేషన్ అంతా నేనొక్కదాన్నే చూస్తున్నాను. సుమారు 600 టెస్టులు, రోజూ రాత్రి జెంకిన్స్‌లో నడుస్తాయి. పొద్దున్న చూస్తే పదో పన్నెండో ఎర్రగా ఉంటాయి, వాటిలో ఏవి ఫ్లేకీవో నాకు చూడగానే తెలిసిపోతుంది. మేనేజర్ హ్యాండోవర్ డాక్యుమెంట్ అడిగారు. ఫ్రేమ్‌వర్క్ గురించి 30 పేజీలు రాశాను, ఫ్లేకీ టెస్టుల పేర్లు ఒక ఎక్సెల్‌లో పెట్టాను. ఇంకేం రాయాలి? లాగిన్లు, పాస్‌వర్డ్‌లు కూడా అందులోనే పెట్టేయొచ్చా?

సమాధానం:

“చూడగానే తెలిసిపోతుంది” అన్నారు కదా, మీ డాక్యుమెంట్‌లో సగం దాని గురించే ఉండాలి. చూడగానే మీకు ఏం కనిపిస్తోంది, దేన్ని బట్టి ఇది ఫ్లేకీ, ఇది నిజం బగ్ అని తేలుస్తున్నారు అన్నది మీ తలలో తప్ప ఇంకెక్కడా లేదు. ఫ్రేమ్‌వర్క్ అలా కాదు. మీ తర్వాత వచ్చేవాళ్లకి జావా వచ్చు, ప్యాకేజీలు తెరిచి చదువుకుంటారు, ఆ 30 పేజీలు ఐదుకి తగ్గినా వాళ్లకి పెద్ద నష్టం లేదు. ఆ ఎక్సెల్ మాత్రం ఇప్పుడున్నట్టే వదిలేసి వెళ్తే చాలా నష్టం. ఎందుకో నాకు జరిగిందే చెప్తాను.

2019లో హైదరాబాద్‌లో ఒక ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో ఆటోమేషన్ నా చేతికి వచ్చింది. వెళ్లిపోతున్న సహోద్యోగి మంచి టెస్టర్, కోడ్ కూడా శుభ్రంగా ఉంది. ఆయన ఇచ్చిన షీట్‌లో పాలసీ రెన్యువల్‌కి సంబంధించి `RenewalStartDateTest`, `RenewalReceiptTest` అని రెండు పేర్లు ఉన్నాయి, వాటి పక్కన రిమార్క్స్ కాలమ్‌లో “ఫ్లేకీ, రీరన్ చేస్తే పాస్ అవుతుంది” అని ఉంది. నేను దాన్ని నమ్మాను. ఏడు వారాల పాటు రోజూ పొద్దున్న తొమ్మిదిన్నరకి రావడం, ఆ రెండూ ఎర్రగా ఉన్నాయా అని చూడటం, రీరన్ కొట్టడం, పచ్చగా మారాక రిపోర్ట్ పంపడం, ఇదే పని. ఒక్కరోజు కూడా రీరన్ ఫెయిల్ అవలేదు. ఫెయిల్యూర్ మెసేజ్ ఒక్కసారి కూడా తెరిచి చదవలేదు, రీరన్ చేస్తే పోయేదానికి చదవడం ఎందుకు అనుకున్నాను.

మార్చిలో ఒక రాత్రి జెంకిన్స్ ఏజెంట్ మెషీన్ డౌన్ అయింది. ఒంటిగంటన్నరకి మొదలవ్వాల్సిన రన్ పొద్దున్న 6:10కి మొదలైంది. ఆ రోజు ఆ రెండు టెస్టులూ మొదటి రన్‌లోనే పాస్. అప్పటిదాకా ప్రతి రాత్రీ తప్పకుండా ఫెయిల్ అయినవి రన్ ఆలస్యమైతే పాస్ అవడమేంటని ముందు రోజు రిపోర్టు తెరిచాను. రెండింటిలోనూ ఇదే లైను:

```
java.lang.AssertionError: expected [2019-03-11] but found [2019-03-12]
```

ఆ రన్ 12వ తేదీ తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో జరిగింది. అంటే యాప్ చూపించిన 12వ తేదీ సరైనదే, నిన్నటి తేదీ ఆశించింది మన టెస్టు. ఏజెంట్‌లోకి వెళ్లి `date` కొడితే విషయం తేలిపోయింది. అది డాకర్ కంటెయినర్, గడియారం యూటీసీలో ఉంది. మన టైము యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు కాబట్టి, ఇక్కడ రాత్రి పన్నెండు దాటినప్పటి నుంచి తెల్లవారి ఐదున్నర దాకా ఆ మెషీన్‌కి ఇంకా నిన్నే. టెస్టులన్నీ తేదీ కోసం `DateUtil.today()` అనే ఒకే హెల్పర్‌ని పిలుస్తున్నాయి, దాని లోపల ఉత్త `LocalDate.now()` ఉంది. అది మెషీన్ ఏ టైమ్‌జోన్‌లో ఉంటే ఆ తేదీనే ఇస్తుంది. ఐదున్నర దాటాక ఎప్పుడు నడిపినా రెండు తేదీలూ ఒకటే, అందుకే నా తొమ్మిదిన్నర రీరన్ ఏనాడూ ఫెయిల్ అవలేదు. రాత్రి ఒంటిగంటన్నరకి మళ్లీ నడిపి ఉంటే వంద రీరన్లకి వందా ఫెయిల్ అయ్యేవి. అంటే ఇది ఫ్లేకీ కానే కాదు, గడియారం చూసుకుని తప్పకుండా ఫెయిల్ అయ్యే టెస్టు.

హెల్పర్‌లో ఒక లైను మార్చాను:

```java
return LocalDate.now(ZoneId.of("Asia/Kolkata"));
```

మర్నాడు పొద్దున్న చూస్తే ఆ రెండూ పచ్చగా ఉన్నాయి, కానీ నా అనుభవంలో ఒక్కసారి కూడా ఫెయిల్ అవని `RenewalCertificateTest` ఎర్రబడింది. నా మార్పే దీన్ని చెడగొట్టిందనుకుని రివర్ట్ చేయబోయాను. ఈసారి మాత్రం మెసేజ్ చదివాను. అంకెలు తిరగబడి ఉన్నాయి. టెస్టు ఆశించింది ఇవాళ్టి తేదీ, యాప్ ఇచ్చింది నిన్నటిది. రెన్యువల్ సర్టిఫికెట్ పీడీఎఫ్ తయారుచేసే సర్వీసు వేరే కంటెయినర్‌లో నడుస్తుంది, అది కూడా యూటీసీలోనే ఉంది. ఇన్నాళ్లూ టెస్టూ తప్పే, సర్వీసూ తప్పే, రెండూ ఒకే రకంగా తప్పు కాబట్టి సరిపోయాయి. ప్రొడక్షన్‌లో అర్ధరాత్రి దాటాక ఐదున్నర లోపు రెన్యువల్ చేసుకున్న ప్రతి కస్టమర్‌కీ సర్టిఫికెట్ మీద ఒకరోజు ముందు తేదీ పడుతోంది. డిఫెక్ట్ వేశాను, డెవలపర్ ఒక్కరోజులో సరిచేశారు.

తర్వాత ఆ పాత సహోద్యోగికి ఫోన్ చేసి చెప్తే, “అవును, అవి రాత్రి రన్‌లోనే వస్తాయి, పగలు ఎప్పుడూ రావు” అన్నారు వెంటనే. ఆయనకి తెలుసు. షీట్‌లో రాయడానికి అది ఒక విషయంలా అనిపించలేదు, అంతే. “రాత్రి రన్‌లోనే వస్తుంది, పగలు రాదు” అన్న ముక్క అక్కడ ఉండి ఉంటే నేను మొదటి వారంలోనే గడియారం వైపు చూసేదాన్ని.

అందుకని మీ ఎక్సెల్‌లో ప్రతి పేరు పక్కనా ముందు ఇవి రాయండి: ఫెయిల్యూర్ మెసేజ్‌లోని అసలు లైను అక్షరం పొల్లుపోకుండా, అది ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు, కారణం మీకు ఖాయంగా తెలుసా లేక మీ అనుమానమా, ఇప్పటిదాకా ఏం చేసి చూశారు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఇదే టెస్టు నిజమైన బగ్ వల్ల ఫెయిల్ అయితే ఎలా కనిపిస్తుంది అన్నది. ఈ చివరిది దాదాపు ఎవరూ రాయరు. వచ్చేవాళ్లకి పొద్దున్నే కావాల్సింది మాత్రం అదే. నా కేసునే ఇప్పుడు రాయమంటే ఇలా రాస్తాను:

“`RenewalStartDateTest`. మెసేజ్‌లో రెండు తేదీలుంటాయి, తేడా సరిగ్గా ఒక రోజు. అర్ధరాత్రి నుంచి ఐదున్నర మధ్య నడిస్తేనే వస్తుంది. expected పాత తేదీ, found కొత్త తేదీ అయితే తప్పు మనది, ఏజెంట్ టైమ్‌జోన్ చూడండి. expected కొత్తది, found పాతది అయితే యాప్‌లోని ఏదో సర్వీసు యూటీసీలో ఉంది, డిఫెక్ట్ వేయండి. తేడా ఒక రోజు కంటే ఎక్కువుంటే దీనికీ టైమ్‌జోన్‌కీ సంబంధం లేదు, మొదటి నుంచి చూడండి.”

అర నిమిషంలో చదివేయొచ్చు. పొద్దున్న రిపోర్ట్ తెరిచిన మనిషి ఎవరినీ అడక్కుండా నిర్ణయం తీసుకోగలుగుతారు.

మీ దగ్గరా తేదీల టెస్టులుంటే, అర్ధరాత్రి దాకా మేలుకోకుండా పగలే పరీక్షించే పద్ధతి ఒకటుంది. మధ్యాహ్నం మూడున్నర లోపు అయితే హోనలులు టైమ్‌జోన్ పెట్టి నడపండి, అక్కడ ఇంకా నిన్నే ఉంటుంది:

```
mvn test -Dtest=RenewalStartDateTest -DargLine="-Duser.timezone=Pacific/Honolulu"
```

మూడున్నర దాటితే `Pacific/Kiritimati` పెట్టండి, అక్కడ అప్పటికే రేపు వచ్చేసి ఉంటుంది. టెస్టు మెషీన్ తేదీ మీద ఆధారపడుతుంటే వెంటనే బయటపడుతుంది. అయితే మీ `pom.xml`లో `argLine` విలువ నేరుగా రాసేసి ఉంటే కమాండ్‌లో ఇచ్చింది పనిచేయదు, అది ముందు చూసుకోండి. ఇలా టైమ్‌జోన్ మార్చడం పరీక్షించడానికే. రోజూ నడిచే రన్‌కి కూడా జేవీఎం మొత్తానికి `Asia/Kolkata` పెట్టేస్తే ఎర్రదనం పోతుంది కానీ టెస్టులోని లోపం అలాగే ఉండిపోతుంది, ఇంకో ఏజెంట్ మీదకి మార్చిన రోజు మళ్లీ బయటికొస్తుంది.

ఇక మీ పదీ పన్నెండు సంగతి. వాటిని టెస్టు పేరు వారీగా కాకుండా కారణం వారీగా గుంపులు చేయండి. గత 30 రాత్రుల రిపోర్టులు తీసుకుని, ఏ టెస్టు ఎన్నిసార్లు ఏ మెసేజ్‌తో ఫెయిల్ అయిందో ఒకచోట పెట్టండి. జెంకిన్స్‌లో ప్రతి బిల్డ్ అడ్రస్ చివర `testReport/api/json` తగిలిస్తే అదే డేటా దొరుకుతుంది, చేత్తో కాపీ చేయక్కర్లేదు. ఇది ఇవాళే చేయండి. చాలా జాబుల్లో పాత బిల్డులు కొన్ని రోజులకి వాటంతటవే డిలీట్ అయ్యేలా పెట్టి ఉంటారు, మీరు వెళ్లాక వచ్చేవాళ్లకి ఆ చరిత్ర దొరక్కపోవచ్చు.

పేర్ల వారీ జాబితా ఎందుకు సరిపోదో ఒక ఉదాహరణ. ఇంకో ప్రాజెక్టులో మాకు రోజూ ఐదారు టెస్టులు ఫెయిల్ అయ్యేవి, ప్రతి రోజూ వేరే పేర్లు. షీట్‌లో నలభై పేర్లు పేరుకుపోయాయి. మెసేజ్ చూస్తే ఒకసారి `TimeoutException`, ఇంకోసారి `NoSuchElementException`, ఒక పద్ధతీ పాడూ ఉన్నట్టు కనపడలేదు. ఫెయిల్ అయినప్పుడు తీసిన స్క్రీన్‌షాట్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిటిలోనూ లాగిన్ పేజీయే ఉంది. టెస్టు ఎక్కడో ప్రీమియం లెక్క పేజీలో ఒక బటన్ కోసం వెతుకుతోంది, బ్రౌజర్ మాత్రం లాగిన్ పేజీలో నిలబడి ఉంది. సంగతేంటంటే, ఆ ఎన్విరాన్‌మెంట్‌లో మాకున్న టెస్ట్ యూజర్లు నలుగురు. ఎవరో రన్ త్వరగా అవ్వాలని టెస్ట్‌ఎన్‌జీ ఫైల్లో `thread-count` 4 నుంచి 6కి పెంచారు. ఒకే యూజర్ రెండు బ్రౌజర్లలో లాగిన్ అయితే యాప్ మొదటి సెషన్‌ని బయటికి తోసేస్తుంది. ఏ టెస్టు బలవుతుందో ఆ క్షణంలో ఎవరు ఎవరితో కలిసి నడుస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి రోజుకో పేరు. నలభై పేర్లకీ కారణం ఒక్కటే. డాక్యుమెంట్‌లో ఒక వాక్యం చాలు: “ఎర్ర టెస్టు స్క్రీన్‌షాట్‌లో లాగిన్ పేజీ కనిపిస్తే సెషన్ పోయింది, ముందు థ్రెడ్‌లెన్ని, యూజర్లెంతమంది అన్నది సరిచూడండి.”

ఇదే సందర్భంలో, మీ ఫ్రేమ్‌వర్క్‌లో రీట్రై పెట్టారా లేదా, పెడితే ఎన్నిసార్లు, అది ఏ ఫైల్లో ఉంది అన్నది పెద్ద అక్షరాలతో రాయండి. టెస్ట్‌ఎన్‌జీలో `IRetryAnalyzer` వాడితే, మొదటిసారి ఫెయిలై రెండోసారి పాసైన టెస్టు ఆ మొదటి ప్రయత్నాన్ని రిపోర్టులో స్కిప్ కింద చూపిస్తుంది. తెలియనివాళ్లు స్కిప్ అంటే నడవలేదేమో అనుకుని పట్టించుకోరు. నిజానికి మీ సూట్ ఎంత ఫ్లేకీగా ఉందో చెప్పే అంకె అదే. స్కిప్‌లు మామూలుగా రోజుకి ఎన్నుంటాయో రాసి పెట్టండి. అది ఒక్కసారిగా మూడింతలైతే ఫెయిల్ సంఖ్య మారకపోయినా ఏదో తేడా కొట్టిందని వాళ్లకి తెలుస్తుంది.

ఇదంతా మరీ ఎక్కువ అనిపిస్తే ఒక లెక్క చూడండి. 2016లో గూగుల్ వాళ్లు తమ టెస్టింగ్ బ్లాగ్‌లో రాసిన ప్రకారం, వాళ్ల దగ్గర టెస్టులు పాస్ నుంచి ఫెయిల్‌కి మారిన సందర్భాల్లో 84 శాతం ఫ్లేకీ టెస్టులకి సంబంధించినవే. ఇలాంటి చోట కొత్తగా వచ్చిన మనిషి రెండు వారాల్లోనే ఎరుపుని పట్టించుకోకపోవడం అలవాటు చేసుకుంటారు, నేను ఏడు వారాలు చేసింది అదే. మిగతా 16 శాతం ఆ గుంపులోనే కలిసిపోతుంది.

ఫ్రేమ్‌వర్క్ భాగానికి వస్తే, క్లాసుల వివరణ తీసేసి ఒకే ఒక్క టెస్టు ప్రయాణం రాయండి. ఏ కమాండ్‌తో మొదలవుతుంది, యూఆర్‌ఎల్ ఎక్కడి నుంచి తీసుకుంటుంది, కమాండ్‌లో ఒకటీ కాన్ఫిగ్ ఫైల్లో ఇంకొకటీ ఉంటే ఏది గెలుస్తుంది, డేటా ఎవరు తయారుచేస్తారు, ఎవరు చెరిపేస్తారు, రిపోర్ట్ ఎక్కడ పడుతుంది. దాంతో పాటు, కోడ్‌లో ‘ఏంటి’ కనిపించి ‘ఎందుకు’ కనిపించని చోట్లన్నీ రాయండి. `thread-count` 4 అని ఫైల్లో కనిపిస్తుంది, యూజర్లు నలుగురే కాబట్టి నాలుగు అన్నది కనిపించదు. అలాగే ఎక్కడైనా పది సెకన్ల `Thread.sleep` ఉంటే అది బద్ధకంతో పెట్టిందా, లేక వెనక పేమెంట్ సిమ్యులేటర్ నిజంగా ఎనిమిది సెకన్లు తీసుకుంటుందని పెట్టిందా అన్నది మీకే తెలుసు. ఇంప్లిసిట్ వెయిట్, ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ రెండూ కలిపి వాడి ఉంటే దాచకుండా చెప్పండి. అలా కలపొద్దని సెలీనియం డాక్యుమెంటేషనే చెప్తుంది, పది సెకన్లదీ పదిహేను సెకన్లదీ కలిస్తే టైమౌట్ ఇరవై సెకన్లకి రావచ్చని ఉదాహరణ కూడా ఇస్తుంది. అది తెలియక వచ్చేవాళ్లు టైమ్‌ల లెక్క కుదరక తల పట్టుకుంటారు.

జెంకిన్స్ షెడ్యూల్ కూడా రాయండి, ఏ టైమ్‌జోన్‌లోనో చెప్పి. సర్వర్ యూటీసీలో ఉంటే `30 1 * * *` అంటే మనకి ఉదయం ఏడు గంటలు. షెడ్యూల్ పెట్టెలో మొదటి లైనుగా టైమ్‌జోన్ పెడితే ఈ గందరగోళం ఉండదు:

```
TZ=Asia/Kolkata
30 1 * * *
```

ఇప్పుడు పాస్‌వర్డ్‌లు. వద్దు, ఒక్కటి కూడా పెట్టకండి. ఆ డాక్యుమెంట్ ఎన్నిసార్లు ఫార్వర్డ్ అవుతుందో, ఎవరి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుంటుందో ఎవరూ చెప్పలేరు. పైగా మీరు వెళ్లిన నెలకో రెండు నెలలకో పాస్‌వర్డ్ మారిపోతుంది, తప్పు పాస్‌వర్డ్ నాలుగుసార్లు కొట్టి టెస్ట్ యూజర్‌ని లాక్ చేసుకుంటారు. పాస్‌వర్డ్‌కి బదులు దాన్ని ఎలా సంపాదించాలో రాయండి. ఏ యాక్సెస్, అది ఏ పనికి, రిక్వెస్ట్ ఎక్కడ వేయాలి, ఏ హోదాలో ఉన్నవాళ్లు అప్రూవ్ చేస్తారు, మామూలుగా ఎన్ని రోజులు పడుతుంది, ఎన్నాళ్లకి గడువు ముగుస్తుంది. ఎన్ని రోజులన్నది తప్పకుండా ఉండాలి. వీపీఎన్‌కి రెండు రోజులు, టెస్ట్ డేటాబేస్ చదవడానికి ఎనిమిది రోజులు పట్టేట్టయితే, డేటాబేస్ రిక్వెస్ట్ మీరు ఇంకా సీట్లో ఉండగానే వేయించాలి. మీ 12 రోజుల్లో మొదటి రోజు పని అదే అవ్వాలి.

యాక్సెస్‌లో అసలు ప్రమాదం ఇంకోటుంది, మీ పేరు మీద నడుస్తున్నవి. నాలుగేళ్లుగా ఒక్కరే చూస్తున్నారంటే కచ్చితంగా కొన్ని ఉంటాయి. జెంకిన్స్ రిపోజిటరీ నుంచి కోడ్ తెచ్చుకునే టోకెన్ ఎవరిది? రిపోర్ట్ మెయిల్ ఎవరి ఐడీ నుంచి వెళ్తోంది? టెస్ట్ యూజర్ “పాస్‌వర్డ్ మర్చిపోయాను” అంటే లింక్ ఎవరి ఇన్‌బాక్స్‌కి వస్తుంది? ఓటీపీ ఎవరి ఫోన్‌కి? ఈ చివరిది నేను స్వయంగా పడ్డాను. ఒక స్టేజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో టెస్ట్ కస్టమర్‌కి నమోదైన నంబర్, కంపెనీ వదిలి వెళ్లిపోయిన ఒకావిడ సొంత నంబర్. రిలీజ్ ముందు రోజు రాత్రి పదకొండింటికి ఆవిడకి ఫోన్ చేసి ఓటీపీ చెప్పమని అడగాల్సి వచ్చింది. ఆవిడ మంచి మనసుతో లేచి చెప్పారు, కానీ ఆ టెన్షన్ నాకింకా గుర్తుంది.

వీటిని జ్ఞాపకం చేసుకుని రాద్దామంటే కుదరదు, వెతకాలి. రిపోజిటరీలో మీ లాగిన్ ఐడీ, ఫోన్ నంబర్, మెయిల్ ఒక్కొక్కటిగా ఇలా వెతకండి, జెంకిన్స్ క్రెడెన్షియల్స్ పేజీ కూడా లైను లైనుగా చూడండి:

```
git grep -n -i "మీ-లాగిన్-ఐడీ"
git log --oneline -S"పాత-పాస్‌వర్డ్"
```

రెండో కమాండ్ ఎందుకంటే, ఎప్పుడో కాన్ఫిగ్ ఫైల్లో పాస్‌వర్డ్ పెట్టి తర్వాత తీసేసి ఉన్నా గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది. దొరికితే ఫైల్ మళ్లీ సరిచేసి లాభం లేదు, ఆ పాస్‌వర్డే మార్పించాలి. మీవి అని తేలినవన్నీ సర్వీస్ అకౌంట్ కిందకి మార్పించండి, దానికి అప్రూవల్ కావాలి కాబట్టి మేనేజర్‌కి ఇవాళే మెయిల్ పెట్టండి.

వెళ్లడానికి ఐదు రోజుల ముందు, అన్నీ మార్చేశాననుకున్నాక, మీ టోకెన్‌ని మీరే రద్దు చేసి ఆ రాత్రి రన్ చూడండి. ఏదైనా మిగిలిపోతే పొద్దున్నకి తెలుస్తుంది, సరిచేయడానికి మీరింకా అక్కడే ఉంటారు. ఇలా చేయకపోతే ఐటీ వాళ్లు మీ అకౌంట్ మూసేసిన రాత్రి రన్ మొదట్లోనే `Authentication failed` అని ఆగిపోతుంది, అప్పుడు మీరు ఇంకో ఆఫీసులో ఇండక్షన్‌లో కూర్చుని ఉంటారు.

చివరి మూడు రోజులు కేటీ సెషన్లు పెట్టి స్క్రీన్ షేర్ చేసి మాట్లాడుతూ పోకండి, రికార్డింగులు ఎవరూ మళ్లీ చూడరు. మీ స్థానంలోకి వచ్చేవాళ్లకి కొత్త లాప్‌టాప్, మీ డాక్యుమెంట్ ఇచ్చి పక్కన కూర్చోండి. కోడ్ దించుకోవడం, ఒక టెస్టు లోకల్‌గా నడపడం, నిన్న రాత్రి రిపోర్ట్ తెరిచి ఒక్కో ఎర్ర టెస్టుకీ కారణం చెప్పడం, ఈ మూడూ వాళ్లే చేయాలి, మీరు నోరు విప్పకూడదు. వాళ్లు ఆగి మీ వైపు చూసిన ప్రతిసారీ డాక్యుమెంట్‌లో ఒక లైను తక్కువైనట్టు. అక్కడికక్కడే రాయండి. మీరు చెప్పేసి “అర్థమైంది కదా” అనుకుంటే అది మళ్లీ డాక్యుమెంట్‌లోకి రాదు, నాకు ఇలాంటి మొదటి సెషన్‌లోనే పదిహేడు లైన్లు తేలాయి.

ఇంకొక్కటి, ఆ ఎక్సెల్, డాక్యుమెంట్ రెండూ ఇప్పుడెక్కడున్నాయో చూసుకోండి. మీ వన్‌డ్రైవ్‌లోనో మెయిల్ అటాచ్‌మెంట్‌గానో ఉంటే, మీ అకౌంట్ తీసేసిన కొన్నాళ్లకి అవీ పోతాయి. రిపోజిటరీలోనే `docs` ఫోల్డర్‌లో పెట్టి కమిట్ చేయండి. ఫ్లేకీ టెస్టు సరిచేసినవాళ్లు అదే కమిట్‌లో ఆ ఎంట్రీ కూడా తీసేస్తారు, మీరు రాసిన జాబితా ఆరు నెలల తర్వాత కూడా నిజమే చెప్తుంది.